ప్రశ్న గుర్తు పెట్టని అక్క: చాట్ లెక్కల స్క్రిప్టు చాలాకాలం వాడాక

వాట్సాప్ చాట్‌లో ఎవరు ఎంత అడుగుతారో గీతలు గీసి చూపించే ఈ స్క్రిప్టు మీద నా కోపమంతా ఒక్క గీత దగ్గరే. "ప్రశ్నలు" అని చూపించే గీత. ప్రశ్నల పేరు పెట్టి అది లెక్కపెట్టేది ప్రశ్న గుర్తుల్ని. ఇంగ్లీషులో చాట్ చేసుకునేవాళ్ళకు దీనివల్ల పెద్ద తేడా రాదు. మా ఇంట్లో మాత్రం అది అక్క మనసు కష్టపెట్టింది.

నేను ఉండేది బెంగళూరు మారతహళ్ళిలో, అక్కావాళ్ళు యెలహంకలో. ఒకే ఊరు అన్నమాటే గానీ రింగ్ రోడ్డు ట్రాఫిక్ తెలిసినవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు. వారానికోసారి కలవడం కూడా కష్టం కాబట్టి మా మాటలన్నీ వాట్సాప్‌లోనే. ఆఫీసులో ఒకతను రాసుకున్న చిన్న పైథాన్ స్క్రిప్టు ఇస్తే, మా చాట్ ఎక్స్‌పోర్ట్ చేసి ఆ టెక్స్ట్ ఫైల్ దానికిచ్చాను. ఇద్దరిలో ఎవరు ఎక్కువ ప్రశ్నలు అడుగుతారు, ఎవరి మెసేజీలు పొడవు, ఈ రెండే చెప్తుంది. నెలవారీ గీతలు కూడా గీస్తుంది. మొదట్లో నాకు తెగ నచ్చింది, టీములో ఇంకొందరికి నేనే ఇచ్చాను.

నచ్చడానికి కారణం ఉంది. ఎక్స్‌పోర్ట్ ఫైల్‌లో ఒక మెసేజీ రెండు మూడు వరుసలుంటే మొదటి వరుసకే తేదీ, పేరు ఉంటాయి, మిగతావి అవి లేకుండానే వస్తాయి. చాలా స్క్రిప్టులు వాటిని వదిలేస్తాయి, ఇది పై మెసేజీకే కలుపుతుంది. టైము దగ్గర కూడా ఒక తిరకాసు ఉంది. ఫోన్‌లో 12 గంటల గడియారం పెట్టుకుంటే కొన్ని ఫైళ్ళలో `pm` ముందు మామూలు ఖాళీ బదులు `U+202F` అనే సన్నటి ఖాళీ ఉంటుంది. కంటికి తేడా తెలియదు, కానీ మామూలు ఖాళీని వెతికే స్క్రిప్టుకు ఒక్క మెసేజీ కూడా దొరకదు. దీన్ని రాసినతను ఏ రకం ఖాళీకైనా సరిపోయే `\s` వాడాడు కాబట్టి ఆ గొడవ లేదు.

ఇక అసలు సంగతి. ఒక ఆదివారం యెలహంక వెళ్ళినప్పుడు ఆ గీతలు అక్కకు చూపించాను. ప్రశ్నల్లో దాదాపు అన్నీ నావే, అక్క గీత నేలకు అంటుకుని ఉంది. పొడవులో మాత్రం అక్కది నాకంటే ఎన్నో రెట్లు ఎత్తు. అంటే తను ఊరికే మాట్లాడుతూ పోతుంది, నా గురించి ఏమీ అడగదు అన్నట్టు కనిపించింది. అక్క కాసేపు చూసి, "రోజూ తిన్నావా అని అడిగేది ఎవర్రా?" అంది. ఫోన్ తీసి చాట్ పైకి జరుపుతూ వరసగా చదివింది. తిన్నావా, ఇంటికి చేరావా, జ్వరం తగ్గిందా. ఒక్కదాని చివరా ప్రశ్న గుర్తు లేదు. తను వంట చేస్తూ ఫోన్‌తో మాట్లాడితే అది తెలుగులో రాస్తుంది, గుర్తులేవీ పెట్టదు. చేత్తో టైప్ చేసినా పెట్టే అలవాటు తనకు లేదు. "తిన్నావా" అన్నాక గుర్తు దేనికి, చివరి దీర్ఘంలోనే ప్రశ్న ఉంది. నేనేమో ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొడతాను, గుర్తు పెట్టడం అలవాటు.

ఇంటికొచ్చి స్క్రిప్టు విప్పి చూశాను. పేర్లు మార్చి ఒక చిన్న ముక్క పెడుతున్నాను.

```
11/01/25, 8:14 pm - అక్క: తిన్నావా
11/01/25, 8:20 pm - తమ్ముడు: ha tinnanu
11/01/25, 8:20 pm - తమ్ముడు: nuvvu?
11/01/25, 8:31 pm - అక్క: ఇంకా లేదు బావ వచ్చాక తింటాం రేపు ఆదివారం కదా
ఇటు వస్తావా చికెన్ తెస్తాను
11/01/25, 8:40 pm - తమ్ముడు: chustanu
```

స్క్రిప్టు లెక్కలో ఇక్కడ నాది ఒక ప్రశ్న, అక్కవి సున్నా. చదివేవాళ్ళ లెక్కలో అక్కవి రెండు, నాది ఒకటి. రెండోదాంట్లో ప్రశ్న మెసేజీ మధ్యలో ఉంది చూడండి. నోటితో చెప్పి రాయించే మెసేజీలన్నీ ఇలాగే, ఆగకుండా సాగుతాయి. అందుకే చివరి మాట ఒక్కటే చూస్తే సరిపోదు.

పొడవు దగ్గర ఇంకో తప్పు దొరికింది, ఇది మరీ అన్యాయం. మాటల్ని విడదీయడానికి ఇతను `\w+` వాడాడు. పైథాన్ మామూలు `re` మాడ్యూల్‌లో `\w` అంటే అక్షరాలు, అంకెలు, కింది గీత. మన గుణింతాల గుర్తులు, పొల్లు, సున్నా యూనికోడ్‌లో అక్షరాల కిందికి రావు, అవి వేరే తరగతి. కాబట్టి గుణింతం వచ్చిన ప్రతిచోటా మాట తెగిపోతుంది.

```python
>>> re.findall(r"\w+", "తిన్నావా")
['త', 'న', 'న', 'వ']
```

ఒక్క మాట నాలుగైంది. అక్క రెండో మెసేజీలో ఉన్నవి 12 మాటలు. ఇలా తెంచితే 28 వస్తాయి, నేను కూర్చుని లెక్కపెట్టాను. నా `ha tinnanu` మాత్రం సరిగ్గా రెండే. పొడవు గీతలో అక్క అంత ఎత్తు ఎక్కడానికి సగం కారణం ఇదే. దీన్ని సరిచేయడానికి `text.split()` చాలు, ఖాళీల దగ్గర విడదీస్తుంది, గుణింతాల జోలికి పోదు. అక్షరాల లెక్కకూ ఇదే జాగ్రత్త కావాలి. `len("తిన్నావా")` అంటే 8 అంటుంది, మనం పలికేది తి, న్నా, వా అని మూడు. తెలుగు లిపిలో రాసేవాళ్ళనూ ఇంగ్లీషు అక్షరాల్లో రాసేవాళ్ళనూ పక్కపక్కన పెట్టాలంటే నా మటుకు మాటల లెక్కే మేలు.

ప్రశ్నల భాగం ఇంత తేలిగ్గా లొంగలేదు. ఇప్పుడు నేను వాడుతున్నది ఇది.

```python
ENDS = ("ావా", "ారా", "ిందా", "ాలా")
STARTS = ("ఎక్కడ", "ఎప్పుడ", "ఎందుక", "ఎవర", "ఎంత")
SKIP = {"బావా", "ద్వారా", "చాలా", "ఎందుకంటే",
        "ఎప్పుడో", "ఎక్కడో", "ఎవరో"}

def asks(text):
    ws = [w.strip("?.,!") for w in text.split()]
    hit = any(w.endswith(ENDS) or w.startswith(STARTS)
              for w in ws if w not in SKIP)
    return hit or "?" in text
```

ఒక మెసేజీలో ఎన్ని ప్రశ్నలున్నా ఇది ఒకటిగానే చూస్తుంది, నాకు అది చాలు. ప్రశ్న మాటల్ని మొత్తంగా కాకుండా మొదటి భాగంతో పోల్చడానికి కారణం మనవాళ్ళు "ఎప్పుడొస్తావ్", "ఎక్కడున్నావ్" అని కలిపే రాస్తారు. ఆ వెసులుబాటు ఇస్తే "ఎప్పుడో", "ఎక్కడో", "ఎవరో" కూడా ప్రశ్నలైపోతాయి, "ఎందుకంటే" కూడా. అందుకే ఆ చివరి `SKIP`. "బావా" అని పిలిచినా, ఫలానావాళ్ళ ద్వారా తెలిసిందని చెప్పినా ప్రశ్నగా పడేవి. మీ చాట్‌లో ఎవరి పిలుపులు ఎలా ఉంటాయో చూసి ఈ జాబితా పెంచుకోక తప్పదు. "ఏం" అనే మాటను కావాలనే పెట్టలేదు, "ఏం లేదు" అనేది మా ఇంట్లో అన్నిటికంటే ఎక్కువ వాడే జవాబు. "కదా" కూడా వదిలేశాను. అక్క "రేపు ఆదివారం కదా" అన్నప్పుడు నా జవాబు కోసం చూడదు. మీ ఇంట్లో "కదా" అంటే నిజంగా అడగడమే అయితే చేర్చుకోండి.

ఇక్కడ ఆగితే మళ్ళీ అన్యాయమే, ఈసారి నాకు. తొందరలో నేనూ `vachava` అని గుర్తు లేకుండా కొడతాను. అందుకని ఇంగ్లీషు అక్షరాలకూ `ava`, `ara`, `inda` చివర్లు చేర్చాను. `ala` చేర్చి చూశాను గానీ `chala`, `ala` అన్నీ పడేసరికి తీసేశాను. ఆ లిపిలో దీర్ఘం, హ్రస్వం తేడా తెలియదు, కాబట్టి నా వైపు లెక్క అక్క లెక్కంత గట్టిది కాదు.

ఇది నమ్మదగిందో లేదో తెలుసుకోవడానికి నాకు తెలిసిన దారి ఒకటే. చాట్‌లో అక్కడక్కడా కొన్ని మెసేజీలు తీసి, స్క్రిప్టు జవాబు చూడకుండా ముందు మనమే ప్రశ్న అవునా కాదా అని గుర్తు పెట్టుకుని, తర్వాత పోల్చాలి. రెండు రకాల తప్పుల్నీ వేరుగా చూడాలి, ప్రశ్న కానిది పట్టుకోవడం ఒకటి, ప్రశ్నను వదిలేయడం ఇంకొకటి. గుర్తులు మాత్రమే చూసిన పాత పద్ధతి అక్క ప్రశ్నల్ని దాదాపు అన్నిటినీ వదిలేసింది. కొత్తది ఎక్కువగా "అక్కడ పని అయిపోయాక ఫోన్ చేయనా" లాంటివాటిని వదిలేస్తోంది, "చేయనా" నా చివర్లలో లేదు. "నా" చేర్చితే "నాన్నా", "కన్నా", "అయినా" అన్నీ వచ్చి పడతాయి కాబట్టి అలాగే ఉంచాను.

సరిచేశాక గీత తిరగబడింది. ఎక్కువ అడిగేది అక్కే, నావాటికి రెట్టింపుకు దగ్గరగా. పొడవులో తనే ముందున్నా తేడా బాగా తగ్గింది. ఆ కొత్త గీత పంపిస్తే అక్క, "ఇప్పుడు సరిగ్గా చెప్పింది, తిన్నావా" అని పెట్టింది. గుర్తు లేకుండానే.

మొదట్లో దీన్ని మెచ్చుకుంటూ, చాట్ లాప్‌టాప్ దాటి ఎక్కడికీ పోదని అందరికీ చెప్పేవాడిని. స్క్రిప్టు వరకు అది నిజమే, నెట్ లేకుండా నడుస్తుంది. కానీ ఫోన్‌లోంచి లాప్‌టాప్‌కు ఫైల్ వచ్చింది మెయిల్ మీదుగా, డౌన్‌లోడ్స్‌లో మిగిలిపోయింది కూడా. ఇప్పుడు కేబుల్‌తో తెచ్చుకుంటున్నాను, పని కాగానే రెండు చోట్లా తీసేస్తున్నాను. అందులో సగం మాటలు అక్కవి, తనను అడిగాకే మళ్ళీ ఎక్స్‌పోర్ట్ చేశాను.

సగటు పొడవు అనే అంకెను కూడా ఒకప్పుడు మెచ్చుకున్నాను, ఇప్పుడు కాస్త దూరం పెట్టాను. పెద్ద వంటకం ఒకటి ఫార్వర్డ్ చేస్తే ఆ నెల సగటు ఎగిరిపోతుంది, ఎక్స్‌పోర్ట్ ఫైల్‌లో అది ఫార్వర్డ్ అని ఎక్కడా ఉండదు. మధ్యస్థం చూస్తే ఆ బాధ తగ్గుతుంది, `statistics.median` అని ఒక్క మాట మార్చితే చాలు. నాలాగా ఒక విషయాన్ని మూడు ముక్కలుగా పంపేవాళ్ళకు మాత్రం అదీ న్యాయం చేయదు.

ఇద్దరే ఉన్న చాట్, ఇద్దరూ ఇంగ్లీషులో గుర్తులు పెట్టి రాసేవాళ్ళు అయితే ఆఫీసతను ఇచ్చిన స్క్రిప్టును అలాగే వాడుకోవచ్చు. తెలుగు కలిస్తే పై మార్పులు చేయకుండా వాడొద్దని, ముఖ్యంగా చేయకుండా ఎవరికీ చూపించొద్దని అంటాను. ఫ్యామిలీ గ్రూపు మీద నేను ప్రయత్నించలేదు. ఈమధ్య అక్క రాయించడం కూడా మానేసి వాయిస్ మెసేజీలు పంపుతోంది, ఫైల్‌లో అవన్నీ `<Media omitted>` అనే వస్తాయి. అందుకని ఆ నెలల ముందువరకే ఈ లెక్క చూస్తున్నాను, ఆ తర్వాతవి గీతలోంచి తీసేశాను.