ఆర్డర్లకు ఇన్‌స్టా స్టోరీలు: చాన్నాళ్లు వాడాక తేలింది ఇదీ

బెంగళూరులో ఇంట్లో పచ్చళ్లు, పొడులు చేసి అమ్మే మన తెలుగువాళ్లకి ఇన్‌స్టాగ్రామే దుకాణం. అందులో పోస్టు బోర్డులాంటిది. పెడితే తీసేదాకా ఉంటుంది, ఎవరికెంత నచ్చిందో లైకులు, కామెంట్లు చెబుతాయి. కానీ ఎవరెవరు చూశారో మాత్రం చెప్పదు. ఖాతాను ప్రొఫెషనల్‌గా మార్చుకున్నా వచ్చేవి అంకెలే, పేర్లు రావు. పేర్లు కావాలంటే స్టోరీయే దిక్కు. ఈ ఒక్క కారణానికే వారం వారం ఆర్డర్లు తీసుకునేవాళ్లు స్టోరీ వాడాలని నా అభిప్రాయం.

మారతహళ్లి చుట్టుపక్కల ఆదివారం డెలివరీ ఉందనుకోండి. శుక్రవారం సాయంత్రం 6కి గోంగూర పచ్చడి ఫొటో, అరకిలో ధర, ఏ ఏరియాలకి పంపుతారో రాసి స్టోరీ పెట్టారు. శనివారం సాయంత్రం 6కి అది జనానికి కనబడడం ఆగిపోతుంది. చూసినవాళ్ల జాబితా మాత్రం మీకు ఇంకో రోజు, అంటే ఆదివారం సాయంత్రం 6 దాకా దొరుకుతుంది. స్టోరీ పెట్టినప్పటి నుంచి లెక్కేస్తే 48 గంటలు. స్టోరీ బతికున్నప్పుడు దాన్ని తెరిచి పైకి జరిపితే జాబితా వస్తుంది. పోయాక ఆర్కైవ్‌లో తెరిచి అలాగే చూడాలి.

తిప్పలు వచ్చేది ఇక్కడే. ఆర్కైవ్‌లో స్టోరీ ఉంది కదా, తీరిగ్గా సోమవారం చూద్దాంలే అనుకుంటారు. సోమవారం తెరిస్తే గోంగూర ఫొటో చక్కగా ఉంటుంది, చూసినవాళ్ల పేర్లు ఉండవు. దాన్ని హైలైట్‌లో పెట్టినా అంతే. ఆ తర్వాత హైలైట్ చూసినవాళ్లెవరో తెలియదు. పాత కస్టమర్లలో ఎవరు చూసి ఊరుకున్నారో తెలుసుకుని ఒక మెసేజ్ పెట్టాలనుకుంటే శనివారం రాత్రే జాబితా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోవడం మేలు.

మళ్లీ మళ్లీ చూడడం గురించి అపోహలు బోలెడు. ఒకావిడ మీ స్టోరీ అయిదుసార్లు చూసినా జాబితాలో ఆవిడ పేరు ఒక్కసారే ఉంటుంది. ఎవరు ఎన్నిసార్లు చూశారో ఇన్‌స్టా చెప్పదు, స్టోరీని స్క్రీన్‌షాట్ తీసినా చెప్పదు. ప్రైవేటు మెసేజ్‌లో కెమెరాతో అప్పటికప్పుడు తీసి, చూశాక మాయమయ్యేలా పంపిన ఫొటో సంగతి వేరు. మళ్లీ చూసే వీలిచ్చి పంపితే, మళ్లీ చూసిన సంగతి పంపినవాళ్లకి తెలుస్తుంది. స్క్రీన్‌షాట్ తీసినా ఒకప్పుడు తెలిసేది, ఇప్పుడైతే ఇన్‌స్టా దాన్ని తీయనివ్వదు. ఈ రెండూ కలగాపులగం చేసుకునే చాలామంది స్టోరీ చూడడానికి జంకుతారు.

ప్రొఫెషనల్ ఖాతాలో మాత్రం ఒక సూచన దొరుకుతుంది. స్టోరీ ఇన్‌సైట్స్‌లో వ్యూస్ 55, చేరిన ఖాతాలు 40 అని ఉంటే మిగతా 15 మళ్లీ చూసినవే. ఎవరివో తెలియదు గానీ, ఎందుకో ఊహించవచ్చు. అక్కడే Back అనే అంకె ఉంటుంది, ముందు స్లైడ్ చూడడానికి ఎన్నిసార్లు వెనక్కి నొక్కారో ఆ లెక్క అది. ధరల స్లైడ్ తర్వాతి స్లైడ్‌లో అది ఎక్కువుంటే ధరలు చదివేలోపే స్లైడ్ దాటిపోతోందన్నమాట. ఒకే ఫొటో మీద ఎనిమిది రకాల ధరలు కుక్కేవాళ్లకి ఇది తప్పదు. స్లైడ్‌కి మూడు రకాలు చాలు.

ఆర్కైవ్ మీకు తప్ప ఎవరికీ కనబడదు. ప్రొఫైల్‌లో మూడు గీతలు నొక్కి Archive తెరిస్తే పాత స్టోరీలు తేదీల వారీగా ఉంటాయి. కిందటేడు ఉగాదికి ఏ ధర పెట్టారో వెతకడానికి క్యాలెండర్ భలే పనికొస్తుంది. కానీ సెట్టింగ్స్‌లో Save story to archive ఆన్‌లో ఉందో లేదో ముందే చూసుకోవాలి. ఆఫ్‌లో ఉంటే 24 గంటల తర్వాత మీకూ దొరకదు. అది ఆన్‌లో ఉన్నంత మాత్రాన ఫోన్ గ్యాలరీలోకి ఏదీ రాదు, దానికి వేరే ఆప్షన్ ఉంది. ఖాతా చేజారితే ఆర్కైవ్ కూడా దాంతోనే పోతుంది కాబట్టి ముఖ్యమైన ఫొటోలు ఫోన్‌లోనూ దాచుకోండి.

ఇంకోటి. ధర తప్పు పడిందని స్టోరీని మధ్యలో తీసేస్తే అది ఆర్కైవ్‌కి వెళ్లదు. Recently deletedలోకి వెళ్లి, 24 గంటలకి మించి అక్కడా ఉండదు. అప్పటిదాకా చూసినవాళ్ల పేర్లు కావాలంటే తీసేయకముందే స్క్రీన్‌షాట్ కొట్టండి, తర్వాత సరైన ధరతో కొత్తది పెట్టండి. దాని జాబితా మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది.

పోస్టుకీ Archive ఉంది, కానీ తీరు వేరు. అది ఉన్న పోస్టును ప్రొఫైల్ నుంచి దాస్తుందంతే. లైకులు, కామెంట్లు అలాగే ఉంటాయి, ఎప్పుడు కావాలంటే అప్పుడు బయటికి తేవచ్చు. మామిడికాయ కాలం అయిపోగానే ఆవకాయ పోస్టు అందులో పెట్టేసి, మళ్లీ కాయ వచ్చాక తీస్తే పాత కామెంట్లతో సహా తిరిగొస్తుంది.