బంధువులు తెచ్చిన సంబంధమా, వెబ్‌సైట్‌లో దొరికిన సంబంధమా: ఏది మేలు?

మా చెల్లెలికి ఇరవై ఎనిమిదేళ్లు. అనంతపురం జిల్లాలో కళ్యాణదుర్గం వైపు ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో లెక్కలు చెబుతుంది. ఏడాదిన్నరగా ఆమెకు రెండు దారుల్లోనూ సంబంధాలు చూశాం. మొదటి పది నెలలు బంధువుల ద్వారా, ఆ తర్వాత మాట్రిమోనీ వెబ్‌సైట్ ద్వారా. ఇంటికి పెద్ద కూతురిని కాబట్టి ఫోన్లు చేసిందీ, విచారించిందీ, కుదరదని చెప్పడానికి వెళ్లిందీ ఎక్కువగా నేనే.

ఈ అనుభవంతో నేను చెప్పేది ఇది: వెతకడానికి వెబ్‌సైట్ మేలు, విచారించడానికి బంధువులు మేలు. మన ఇళ్లలో మాత్రం దీన్ని తలకిందులుగా చేస్తున్నాం. బంధువులు తెచ్చిన సంబంధం కదా అని విచారించడం మానేస్తాం. వెబ్‌సైట్‌లో వచ్చిన సంబంధం కదా అని నిశ్చయమయ్యేదాకా బంధువుల దగ్గర దాస్తాం. రెండు చోట్లా దెబ్బ తగిలేది అమ్మాయికే.

బంధువుల దారిలో మాకు జరిగినది చెబుతాను. మా మేనత్త గుంతకల్లు నుంచి ఒక సంబంధం తెచ్చింది. అబ్బాయి ప్రభుత్వ కార్యాలయంలో ఉద్యోగం, సొంత ఇల్లు, ఒక్కడే కొడుకు. ఆ కుటుంబం మేనత్తకు ఇరవై ఏళ్లుగా తెలుసు. తాత ఎవరో, అమ్మమ్మది ఏ ఊరో, చిన్నాన్న ఆస్తి పంచుకునేటప్పుడు ఎలా ప్రవర్తించాడో కూడా చెప్పింది. ఏ వెబ్‌సైట్ కూడా ఇవ్వలేని సమాచారం అది. మేం నమ్మాం, పెళ్లిచూపులు పెట్టుకున్నాం.

ఆ రోజు ఇద్దరినీ వరండాలో కాసేపు మాట్లాడుకోమన్నారు. మాటల్లో మా చెల్లెలు, "మీకు సీపీఎస్ కోత ఎంత పడుతోందండీ?" అని అడిగింది. జీతంలోంచి పెన్షన్ పథకానికి పోయే ఈ కోత ఉపాధ్యాయుల మధ్య రోజూ నలిగే మాటే. అతను మామూలుగానే, "మాకు పీఎఫ్ అండీ" అన్నాడు. మన రాష్ట్రంలో 2004 సెప్టెంబర్ 1 నుంచి చేరిన రెగ్యులర్ ప్రభుత్వోద్యోగికి మూలవేతనం, కరువు భత్యం కలిపిన మొత్తంలో పది శాతం సీపీఎస్ కింద కోత పడుతుంది. ప్రభుత్వ శాఖలో పనిచేస్తూ పీఎఫ్ పడుతోందంటే సాధారణంగా ఆ పోస్టు ఔట్‌సోర్సింగ్‌దే. తర్వాత అడిగితే అతనే ఒప్పుకున్నాడు. అతను అబద్ధమాడలేదు, మేనత్తా ఆడలేదు. "ఆఫీసులో ఉద్యోగం" అని వాళ్లన్న మాటకు మేం "పర్మినెంట్" అని మనసులోనే కలుపుకున్నాం. ఔట్‌సోర్సింగ్ ఉద్యోగం తక్కువని నేననను. కానీ ఆ సంగతి తెలిసి ఒప్పుకోవడం వేరు, తాంబూలాలు మార్చుకున్నాక తెలియడం వేరు.

బంధువుల దారిలో ఉన్న లోపం ఇక్కడే. కుటుంబం గురించి కొల్లలుగా తెలుస్తుంది, అబ్బాయి గురించి తెలిసేది పిడికెడు. మధ్యలో ఉన్నవాళ్లు అతన్ని చివరిసారి దగ్గరగా చూసింది ఇంటర్ చదివే రోజుల్లో. పదేళ్లుగా అతను ఏ గదిలో, ఎవరితో, ఏ అలవాట్లతో ఉన్నాడో వాళ్లకు తెలియదు. తెలిసినా నోరు విప్పరు. "మనవల్ల ఒక పెళ్లి చెడిపోయిందన్న మాట ఎందుకు?" అనుకుంటారు.

ఇంకో నష్టం నాకు ఆలస్యంగా అర్థమైంది. ఆ సంబంధం వద్దన్నాక మేనత్త నాలుగు నెలలు మాతో మాట్లాడలేదు. కాదన్నది అబ్బాయినే అయినా ఆ మాట ఆమెకు తగిలింది. తర్వాత తాడిపత్రి నుంచి పిన్ని ఒక సంబంధం తెచ్చినప్పుడు మా చెల్లెలు, "సరేలే అక్కా, మళ్లీ పిన్నితో కూడా తగువెందుకు?" అంది. ఆ మాట విని నాకు భయమేసింది. ఇష్టం లేక కాదనడం కన్నా, కాదనలేక ఒప్పుకోవడం సులువైపోయిన స్థితికి పిల్ల వచ్చింది. వెబ్‌సైట్ వైపు వెళదామని ఆ రాత్రే నాన్నతో చెప్పాను.

వెబ్‌సైట్‌లో కాదనడానికి ఖర్చు లేదు. ఒక్క నొక్కు, అంతే. అటువైపు వాళ్లకూ అంతే కాబట్టి ఎవరూ మనసులో పెట్టుకోరు. దాని అసలైన మేలు ఇదేనని నా అభిప్రాయం. లక్షల ప్రొఫైళ్లు ఉన్నాయన్నది కాదు. నిజానికి మన ఇళ్లలో చాలామంది మొదట కులం, ఉపకులం గడులే నింపుతారు కాబట్టి ఆ లక్షలు వందల్లోకి దిగిపోతాయి. ఆ పట్టింపు లేదని ఎంచుకునే వీలు అక్కడ ఉంది, బంధువుల దారిలో ఆ గడే ఉండదు.

మొదట ప్రొఫైల్ నాన్న రాశారు: సంప్రదాయ కుటుంబం, అణకువ గల అమ్మాయి, ప్రభుత్వ ఉద్యోగం. మొదటి వారంలోనే నలభైకి పైగా ఇంట్రెస్టులు వచ్చాయి. వాటిలో సగం బెంగళూరు, హైదరాబాదు ఉద్యోగులవి. ఫోను చేస్తే ప్రతి ఇంట్లోనూ ఒకటే మాట: "పెళ్లయ్యాక బదిలీ చేయించుకోవచ్చు కదండీ." ఉపాధ్యాయ పోస్టు జిల్లా కేడరు. జిల్లాలు విడిపోయినా మా చెల్లెలిది ఉమ్మడి అనంతపురం జిల్లాకు చెందిన పోస్టే. పక్క రాష్ట్రానికి బదిలీ అన్నదే లేదు. ఈ సంగతి చెప్పగానే, "అయితే మానేస్తుందిలెండి, మా వాడి జీతం చాలదా" అనేవారు.

అప్పుడు ప్రొఫైల్ ఆమే తిరిగి రాసింది. "నేను ప్రభుత్వ ఉపాధ్యాయురాలిని. నా పోస్టు ఉమ్మడి అనంతపురం జిల్లాకే పరిమితం, వేరే రాష్ట్రానికి బదిలీ ఉండదు. ఉద్యోగం మానే ఆలోచన లేదు." ఈ మూడు వాక్యాలే. తర్వాతి నెల మొత్తానికి తొమ్మిది ఇంట్రెస్టులు వచ్చాయి. నాన్న కంగారుపడ్డారు, నాకు మాత్రం సంతోషమేసింది. ఆ తొమ్మిది మందీ చదివి వచ్చినవాళ్లు. ఫొటోలు అందరికీ కనబడకుండా, తను ఒప్పుకున్నవారికే కనిపించేలా పెట్టుకుంది. పనిచేసే చోట విద్యార్థుల తల్లిదండ్రుల చేతుల్లో ఆ ఫొటో తిరగకూడదని ఆమె పట్టుబట్టింది. అది న్యాయమైన జాగ్రత్తే.

అయితే వెబ్‌సైట్‌లో ఉన్నవన్నీ అతను రాసుకున్నవే. పేరు పక్కన "వెరిఫైడ్" గుర్తు చూసి చాలామంది నిశ్చింతగా ఉంటారు. సాధారణంగా దాని అర్థం ఫోను నంబరో, గుర్తింపు కార్డో సరిచూశారని మాత్రమే. జీతం, పెళ్లి కాలేదన్న మాట, అలవాట్లు దాని కిందికి రావు. ఏడాదికి పద్దెనిమిది లక్షలు అని రాస్తే అందులో కంపెనీ కట్టే పీఎఫ్ వాటా, గ్రాట్యుటీ, ఏడాది చివర వస్తుందో రాదో తెలియని బోనస్ కలిసి ఉండవచ్చు. నెలకు బ్యాంకులో పడేది ఎంతని అడగాలి. మొహమాటపడే ప్రశ్నేమీ కాదు, మన అమ్మాయి జీతం వాళ్లు మొదటి ఫోనులోనే అడుగుతున్నారు.

ఒక ప్రొఫైల్‌లో "పెళ్లి కాలేదు" అని ఉంది. నేను కోర్టుల సమాచారం ఇచ్చే services.ecourts.gov.in లో అతని పేరుతో వెతికాను. అదే పేరు, తండ్రి పేరుతో అతని సొంత జిల్లాలోనే ఒక విడాకుల పిటిషన్ కనిపించింది. ఒకే పేరుతో పదిమంది ఉంటారు కాబట్టి దాన్నిబట్టి తీర్పు చెప్పలేదు, నేరుగా అడిగాను. రెండు రోజుల తర్వాత, "అది మూడు నెలల పెళ్లండీ, లెక్కలోకి రాదు" అని వాళ్ల అన్న ఫోను చేశాడు. విడాకులు తప్పు కాదు. ఆ సంగతి రాసి ఉంటే మా చెల్లెలు మాట్లాడేదే. దాచినందుకే వద్దంది. ఇలా వెతికితే అన్నీ దొరుకుతాయనుకోవద్దు. పేరు స్పెల్లింగ్ మారినా, వేరే ఊరి కోర్టులో వేసినా కనబడదు. ఏమీ దొరకలేదంటే ఏమీ లేదని కాదు.

అసలైన మోసగాళ్లను గుర్తుపట్టడం మాత్రం తేలికే. విదేశంలో డాక్టరు అంటాడు, వారంలోనే వెబ్‌సైట్ వదిలి వాట్సాప్‌కు రమ్మంటాడు, వీడియోలో కనబడడు, బహుమతి పంపితే కస్టమ్స్‌లో ఆగిందని డబ్బు కట్టమంటాడు. డబ్బు ప్రస్తావన రాగానే ఆపేయాలి, పోయి ఉంటే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కు ఫోను చేయాలి.

ఇక బంధువులు నిజంగా పనికొచ్చే చోటుకు వస్తాను. ఆ తొమ్మిది మందిలో ఒకరిది ధర్మవరం, ఉద్యోగం బెంగళూరులో. రెండుసార్లు వీడియోలో మాట్లాడుకున్నాక మా చెల్లెలు ముందుకు వెళదామంది. అప్పుడు నాన్న ధర్మవరంలో ఉన్న తన చిన్ననాటి స్నేహితుడికి, మేనత్తకు చెప్పారు. నాలుగు నెలలు మాట్లాడని మేనత్త, తనను అడిగినందుకే కరిగిపోయింది. ఇప్పుడు ఆమె తెచ్చిన సంబంధం కాదు కాబట్టి దాచాల్సిన మొహమాటమూ లేదు.

విచారించేటప్పుడు "అబ్బాయి ఎలాంటివాడు?" అని అడగవద్దని నేను ముందే చెప్పాను. ఆ ప్రశ్నకు ప్రతి ఊళ్లోనూ "బంగారమండీ" అనే జవాబే వస్తుంది. వివరం చెప్పక తప్పని ప్రశ్నలు అడగాలి. నెలకు ఎన్నిసార్లు ఊరికి వస్తాడు, వచ్చినప్పుడు ఎక్కడ గడుపుతాడు, ఇంటి అప్పు ఎవరి పేరున ఉంది, ఇంతకుముందు ఏ సంబంధమైనా నిశ్చయమై ఆగిందా? ఈ చివరి ప్రశ్నకు నాన్న స్నేహితుడు కాసేపు ఆగి, ఒకటి ఆగిందని చెప్పాడు. కట్నం దగ్గర అతని తండ్రికీ అతనికీ మాట పడిందట, అతనే ఆపేశాడట. ప్రొఫైల్‌లో ఎక్కడా రాయని ఈ సంగతి అతని మీద మాకు గౌరవం పెంచింది, అతని తండ్రి విషయంలో జాగ్రత్తగా ఉండమనీ చెప్పింది.

అందుకే కట్నం మాట ముందే మేమే ఎత్తాం. రెండు దారుల్లోనూ అది ఒకే ముసుగులో వస్తుంది: "మాకేమీ వద్దండీ, మీ అమ్మాయికి మీరేం పెట్టుకుంటారో మీ ఇష్టం." దీనికి తలూపితే లెక్క నిశ్చితార్థం రోజున తేలుతుంది. 1961 చట్టం ప్రకారం కట్నం ఇవ్వడమూ, పుచ్చుకోవడమూ రెండూ నేరమే. నాన్న ఆ చట్టం పేరు ఎత్తలేదు. "ఇవ్వం, పెళ్లి ఖర్చు చెరిసగం" అని రెండు ముక్కల్లో చెప్పారు. అటువైపు పెద్దాయన వారం రోజులు మౌనంగా ఉండి, ఆ తర్వాత సరేనన్నారు.

మిగిలింది ఉండే చోటు. కిందటి ఆదివారం ధర్మవరంలో ఒక గుడి ఆవరణలో ఇద్దరూ గంటన్నర మాట్లాడుకున్నారు. మేం బయట అరుగు మీద కూర్చున్నాం. వచ్చేసరికి చెల్లెలి చేతిలో ఒక కాగితం ఉంది, దాని మీద రైళ్ల వేళలు రాసి ఉన్నాయి. హిందూపురం కూడా ఉమ్మడి జిల్లాలోనిదే, వచ్చే బదిలీల్లో ఆమె అటు కోరుకోవచ్చు. అక్కడి నుంచి అతని ఆఫీసు దగ్గరి యలహంకకు సుమారు రెండు గంటల రైలు. వారంలో మూడు రోజులే ఆఫీసుకు వెళ్లాలట. బదిలీ రాకపోతే ఏం చేయాలో కూడా ఆ కాగితం వెనక రాసుకున్నారు. అది మాత్రం మాకు చూపించలేదు.