ఎక్సెల్ డ్రాప్‌డౌన్: అడుగున రాసింది అందులోకి రాదు

ఎక్సెల్‌లోని డేటా వ్యాలిడేషన్ గురించి ఎవరడిగినా ఇదివరకు నోరారా మెచ్చుకునేవాణ్ని. మా హార్డ్‌వేర్ దుకాణం స్టాకు లెక్క ఏళ్ల తరబడి దాని మీదే నడుస్తోంది. ఒక షీటులో సరుకుల పేర్లు, అమ్మకాల షీటులో డ్రాప్‌డౌన్. పేరు తప్పు రాసే బెడద లేదు. ఆ మెప్పును ఇప్పుడు కాస్త తగ్గించుకోవలసి వస్తోంది.

జాబితాను అక్షర క్రమంలో ఉంచడం నా అలవాటు. కొత్త సరుకు వస్తే మధ్యలో ఒక వరుస చొప్పించి రాసేవాణ్ని, అది వెంటనే డ్రాప్‌డౌన్‌లో కనిపించేది. లెక్కలు రాయడానికి కుర్రాడు వచ్చాక కొత్త పేర్లు జాబితా అడుగున చేరాయి. ఎవరైనా అక్కడే కదా రాస్తారు! అవి డ్రాప్‌డౌన్‌లోకి రాలేదు. చేత్తో టైపు చేస్తే హెచ్చరిక పెట్టె అడ్డుపడింది. ఎదురుగా ఖాతాదారులు తొందర పెడుతుంటే ముప్పావు అంగుళం ఎల్బోకు బదులు పైనున్న అంగుళం ఎల్బోను ఎంచుకుంటూ పోయాడు. నెలాఖరున చూస్తే కాగితం మీద అంగుళం ఎల్బోల నిల్వ సున్నా కిందికి దిగింది. అరలో మాత్రం పెట్టె నిండా ఉన్నాయి.

డేటా వ్యాలిడేషన్ తెరిచి సోర్స్ పెట్టెలో క్లిక్ చేశాను. జాబితా చుట్టూ కదిలే చుక్కల గీత 41వ వరుస దగ్గరే ఆగిపోయింది. అక్కడున్నది ఇది:

```
=Items!$A$2:$A$41
```

ఈ హద్దుల లోపల వరుస చొప్పిస్తే 41 కాస్తా 42 అవుతుంది. హద్దు దాటి కింద రాసింది మాత్రం ఎక్సెల్ లెక్కలోకి రాదు. ఇన్నాళ్లూ నా అక్షర క్రమం ఈ లోపాన్ని కప్పిపెట్టింది.

ఇప్పుడు జాబితాను Ctrl+T తో టేబుల్‌గా మార్చి, దానికి Saruku అని పేరు పెట్టాను. టేబుల్ పేరును సోర్స్‌లో నేరుగా రాస్తే ఒప్పుకోదు. అందుకని ఫార్ములాస్‌లోని డిఫైన్ నేమ్‌లో SarukuList అనే పేరు సృష్టించి, అది దేన్ని సూచించాలో ఇలా ఇచ్చాను, ఇందులో Peru అన్నది సరుకుల పేర్ల నిలువు వరుసకున్న శీర్షిక:

```
=Saruku[Peru]
```

సోర్స్‌లో =SarukuList అని రాస్తే సరిపోయింది. టేబుల్‌కు ఆనుకుని కింది గడిలో పేరు రాయగానే టేబుల్ పెరుగుతుంది, దానితో డ్రాప్‌డౌన్ కూడా.

ఇక్కడా ఒక మెలిక ఉంది. షీటుకు ప్రొటెక్షన్ పెడితే, గడులకు తాళం తీసి ఉంచినా టేబుల్ తనంతట తాను పెరగదు. ఎవరూ చెరపకూడదని నేను ప్రొటెక్షన్ పెట్టాను, కాబట్టి కొత్త సరుకు వచ్చిన ప్రతిసారీ దాన్ని తీసి, రాసి, మళ్లీ పెడుతున్నాను. ఇప్పుడు జాబితాలో చేయి పెట్టేది నేనొక్కణ్నే గనుక నాకు పెద్ద ఇబ్బంది లేదు. నలుగురైదుగురు రోజూ పేర్లు చేర్చే దుకాణానికి దీన్ని సిఫారసు చేయడానికి మాత్రం నాకు నోరు రావడం లేదు.