అడ్వాన్స్ తక్కువున్న హాలా, ఎక్కువున్న హాలా: ఏది మేలు?

పెళ్ళి హాలు బుక్ చేసుకునేవాళ్ళు తరచూ అడిగే ప్రశ్న ఇది. ఒకచోట పావు వంతు అడ్వాన్స్ చాలంటున్నారు, ఇంకోచోట సగం కట్టమంటున్నారు, ఏది తీసుకోవాలి అని. నేనైతే అడ్వాన్స్ అంకె తర్వాత చూస్తాను. ముందు క్యాన్సిలేషన్ పేరా తీసి, కోత శాతం దేని మీద లెక్కేస్తారో వెతుకుతాను.

అద్దె, భోజనాలు కలిపి రెండుచోట్లా మొత్తం 4 లక్షలు అనుకుందాం. మొదటి హాలు అడ్వాన్స్ 1 లక్ష. కానీ అగ్రిమెంట్లో ‘90 రోజుల లోపు రద్దయితే మొత్తం కాంట్రాక్టు విలువలో 50 శాతం’ అని ఉంది. రెండో హాలు అడ్వాన్స్ 2 లక్షలు. అక్కడ 90 నుంచి 30 రోజుల మధ్య రద్దయితే అడ్వాన్స్‌లో సగం పోతుంది, 30 రోజుల లోపైతే అంతా పోతుంది.

ముహూర్తానికి 60 రోజుల ముందు పెళ్ళి ఆగిందనుకోండి. రెండో హాలు 1 లక్ష ఉంచుకుని 1 లక్ష తిరిగిస్తుంది. మొదటి హాలు లెక్కలో కోత 2 లక్షలు. కట్టిన లక్ష పోగా, ఇంకో లక్ష మీరే బాకీ. చివరి వారంలో ఆగితే మాత్రం రెండుచోట్లా నష్టం సమానమే.

మొదటి షరతు నాకు అన్యాయంగానే తోస్తుంది. రెండు నెలల ముందు భోజనాల కోసం ఎవరూ సరుకు కొనరు కదా, ఆ సొమ్ములో కోత ఎందుకు? కోత హాలు అద్దె మీదే ఉండాలని అడగండి. ఆ తేదీకి వేరే బుకింగ్ వస్తే ఎంత తిరిగిస్తారో కూడా రాయించుకోండి. రోజుల లెక్క మీరు రాతపూర్వకంగా చెప్పిన తేదీ నుంచి మొదలవ్వాలి. తేదీ మార్చుకోవడాన్ని రద్దుగా లెక్కేస్తారేమో చూడండి, చాలామంది చదవకుండా వదిలేసేది ఆ వాక్యమే.

భోజనాల్లో చూడాల్సింది కనీస ప్లేట్ల సంఖ్య. 400కి ఒప్పుకుని 320 మందే వస్తే, మిగిలిన 80 ప్లేట్లకీ బిల్లు పడుతుంది. అందుకే కనీస సంఖ్య తక్కువకి ఒప్పుకుని, తుది సంఖ్య చెప్పే గడువు పెళ్ళికి వీలైనంత దగ్గరగా పెట్టించుకోవడం మేలు. బయటి వంటవాళ్ళని తెచ్చుకునే అద్దె హాలైతే ఈ బెడద లేదు, వంటగది వాడకానికి విడిగా ఏమైనా తీసుకుంటారేమో అడిగితే చాలు.

డ్యామేజీ డిపాజిట్ రెండుచోట్లా దాదాపు ఒకేలా ఉంటుంది. తాళాలు తీసుకునేటప్పుడు గోడలు, కుర్చీలు, బాత్రూం కుళాయిలు మేనేజరు ఎదుటే ఫోన్‌లో వీడియో తీయండి. డెకరేషన్ వాళ్ళు గోడకి మేకు కొడితే ఎవరి బాధ్యతో అగ్రిమెంట్లో ఉండాలి, లేకపోతే అది మీ డిపాజిట్లోంచే పోతుంది.

ఈ రెండింట్లో నేనైతే 2 లక్షలు కట్టి రెండో హాలే తీసుకుంటాను. మొదటి హాలువాళ్ళు ‘మొత్తం కాంట్రాక్టు విలువ’ కొట్టేసి ‘హాలు అద్దె’ అని రాసి సంతకం పెడితే, ఆ అద్దె 2 లక్షలు మించకపోతే, అప్పుడు అదే మేలు.