ట్రస్‌లో జీరో ఫోర్స్ మెంబర్లను చూపుతోనే పట్టడం: చాలా ఏళ్లు వాడాక నా సమీక్ష

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో రైస్ మిల్లులకు, జీడిపప్పు ఫ్యాక్టరీలకు వేసే రేకుల షెడ్ల డ్రాయింగులు చూడటం నా పని. ట్రస్ డ్రాయింగ్ చేతికి రాగానే లెక్క మొదలుపెట్టను. ముందు ఒక్కో జాయింటూ చూసి, ఫోర్స్ లేని మెంబర్ల మీద పెన్సిల్‌తో సున్నా పెడతాను. ఈ పద్ధతిని ఇన్నేళ్లూ వదలకపోవడానికి కారణం ఉంది. సాఫ్ట్‌వేర్‌లో లోడ్ తప్పు జాయింట్‌కి ఇస్తే వెంటనే దొరికిపోతుంది.

సూత్రాలు రెండే. లోడ్ గానీ సపోర్ట్ గానీ లేని జాయింట్‌లో, ఒకే గీతలో లేని రెండు మెంబర్లు మాత్రమే కలిస్తే రెండూ సున్నా. అలాంటి జాయింట్‌లోనే మూడు మెంబర్లు కలిసి, వాటిలో రెండు ఒకే గీతలో ఉంటే మూడోది సున్నా. ఆ మూడోది లాగినా తోసినా, గీతకు అడ్డంగా దాన్ని ఆపే మెంబర్ ఇంకొకటి అక్కడ లేదు కాబట్టి.

మా దగ్గర తరచూ కనిపించే 12 మీటర్ల షెడ్ ట్రస్ తీసుకుందాం. కింద 2 మీటర్లకొక జాయింట్, 1 నుంచి 7 వరకు; సపోర్ట్‌లు 1, 7 దగ్గర. పై వాలు మీద 2కి నేరుగా పైన 8, 3కి పైన 9, మధ్యలో శిఖరం 10, ఆ తర్వాత 11, 12. నిలువు మెంబర్లు అయిదు. వాలు మెంబర్లు 8-3, 9-4, 11-4, 12-5.

ముందుగా శిఖరం మీద మాత్రమే లోడ్ ఉందనుకోండి. జాయింట్ 2 చూడండి: 1-2, 2-3 ఒకే గీతలో ఉన్నాయి, కాబట్టి 2-8 సున్నా. దాన్ని చెరిపేసి 8 దగ్గరికి వస్తే, పై వాలు రెండు ముక్కలూ ఒకే గీత, మిగిలింది 8-3, అదీ సున్నా. ఇప్పుడు 3 దగ్గర 3-9 పోతుంది, 9 దగ్గర 9-4 పోతుంది. కుడివైపూ ఇదే వరస. చివరికి 4 దగ్గర 4-10 ఒక్కటే మిగులుతుంది, అదీ సున్నాయే. 21 మెంబర్లలో 9 చూపుతోనే తేలిపోయాయి. చాలామంది స్టూడెంట్లు మొదటి చుట్టులో 2-8, 6-12 రెండూ పట్టి ఆగిపోతారు. అసలు ఫలితం మళ్లీ మళ్లీ తిరిగి చూడటంలోనే ఉంది.

నిజమైన షెడ్‌లో రేకుల్ని మోసే పర్లిన్లు పై జాయింట్లన్నిటి మీదా కూర్చుంటాయి. అప్పుడు 8 దగ్గర లోడ్ ఉంది కాబట్టి గొలుసు అక్కడే తెగుతుంది. 2-8, 6-12 మాత్రమే సున్నాగా మిగులుతాయి. జాయింట్ 2 దగ్గర 50 కిలోల ఫ్యాన్ వేలాడదీస్తే 2-8 కూడా ఆ 50 కిలోలను లాగి పట్టుకుంటుంది. కింది యాంగిల్ సొంత బరువు కలిపినా 2-8లో కొద్దిపాటి టెన్షన్ కనిపిస్తుంది. రిపోర్ట్‌లో అక్కడ సున్నా బదులు చిన్న అంకె ఉంటే కంగారు పడక్కర్లేదు. పెద్ద అంకె ఉంటే మాత్రం లోడ్ ఎక్కడ ఇచ్చారో చూడాలి.

ఫ్యాబ్రికేషన్ మేస్త్రులు నన్ను తరచూ అడిగే మాట ఒకటి: "సార్, ఫోర్స్ లేదన్నారు కదా, ఆ ముక్క తీసేద్దామా? యాంగిల్ మిగులుతుంది." వద్దని గట్టిగా చెబుతాను. ఈ తీరంలో గాలిని మరిచిపోకూడదు. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను పలాస దగ్గరే తీరం దాటింది. గాలి రేకుల్ని పైకి లాగే బలం కప్పు బరువును మించితే, మామూలుగా టెన్షన్‌లో ఉండే కింది యాంగిల్ కంప్రెషన్‌లోకి వస్తుంది. 2-8 ఉంటే ట్రస్ తలంలో దాని ఆధారం లేని పొడవు 2 మీటర్లు, తీసేస్తే 4. పొడవు రెట్టింపైతే, సన్నని మెంబర్ వంగిపోకుండా ఓర్చుకునే లోడ్ సుమారు నాలుగో వంతుకు పడిపోతుంది. పక్కకు వంగకుండా ఆపడం 2-8 పని కాదు; దానికి కింది జాయింట్లను ట్రస్ నుంచి ట్రస్‌కి కట్టే టైలు వేరుగా ఉండాలి.

ఈ పద్ధతి చూపించలేని సున్నాలూ ఉన్నాయి. పైనా కిందా సమాంతరంగా ఉండే ట్రస్‌లో నిలువు మెంబర్ల మధ్య గదులు బేసి సంఖ్యలో ఉండి, లోడ్ రెండు వైపులా సమానంగా ఉంటే, మధ్య గదిలోని ఒంటి వాలు మెంబర్ సున్నా అవుతుంది. దాని చివరల జాయింట్లు ఎంతసేపు చూసినా ఆ సంగతి తెలియదు. మధ్యలో కోసి, అక్కడ షియర్ లేదని చూస్తేనే తేలుతుంది. కింది యాంగిల్‌ను మధ్యలో కాస్త పైకి లేపిన ట్రస్‌లోనూ జాగ్రత్త: వంపు వచ్చిన జాయింట్‌లో రెండు ముక్కలూ ఒకే గీతలో ఉండవు, రెండో సూత్రం అక్కడ పనిచేయదు. డ్రాయింగ్‌లో ఆ వంపు కంటికి ఆనకపోవచ్చు, అందుకే నేను లెవెల్ అంకెలు చదివాకే సున్నా పెడతాను.