రోజుకు రెండు జీబీలతో టీవీ: పద్నాలుగు నెలల అనుభవం

బెంగళూరు మారతహళ్ళిలో నేను అద్దెకున్న గదికి బ్రాడ్‌బ్యాండ్ లేదు. గోడకు రంధ్రం పెడితే పెయింటు పాడవుతుందని ఇంటి యజమాని ఒప్పుకోలేదు. అయినా 32 అంగుళాల స్మార్ట్ టీవీ కొన్నాను. ఫోనులో రోజుకు 2 జీబీ ప్లాను ఉంది కదా, హాట్‌స్పాట్ చాలదా అనుకున్నాను. పద్నాలుగు నెలలైంది. చాలుతుంది, కానీ కొన్నాళ్ళు దెబ్బలు తిన్నాకే చాలింది.

మొదటి దెబ్బ క్రికెట్టు. సాయంత్రం ఏడున్నరకు టీ20 మొదలైతే పద్నాలుగో ఓవరు దగ్గర బొమ్మ ఆగి చక్రం తిరగడం మొదలుపెట్టింది. సిగ్నల్ సమస్య అనుకుని ఫోనును కిటికీ దగ్గర పెట్టాను. ఫోనులో సిగ్నల్ గీతలు నిండుగానే ఉన్నాయి. ఆపరేటరు నుంచి సందేశం వచ్చాక విషయం తెలిసింది: ఆ రోజు కోటా అయిపోయి వేగం 64 కేబీపీఎస్‌కు పడిపోయింది. ఆ వేగంతో వాట్సాప్ సందేశం వెళ్తుంది కానీ బంతి కదలదు. కొత్త కోటా అర్ధరాత్రి పన్నెండుకు వస్తుంది, ఆటేమో పదకొండున్నరకే ముగుస్తుంది. ఆ నెలలో 33 రూపాయల 2 జీబీ అదనపు ప్యాక్‌లు పదమూడు కొన్నాను. మొత్తం 429 రూపాయలు. ఆ డబ్బుకు ఇంకో నలభై రూపాయలు కలిపితే పన్నుతో సహా నెల బ్రాడ్‌బ్యాండే వచ్చేది!

తర్వాత లెక్క రాయడం మొదలుపెట్టాను. ఫోను సెట్టింగ్స్‌లో డేటా వాడకం తెరిస్తే హాట్‌స్పాట్ ఖర్చు విడిగా కనిపిస్తుంది. చూడడానికి ముందు ఒకసారి, చూశాక ఒకసారి ఆ అంకె రాసుకుంటే చాలు. లెక్కకు ఒక చిన్న సూత్రం: వీడియో సెకనుకు ఒక మెగాబిట్ చొప్పున వస్తే గంటకు 0.45 జీబీ అవుతుంది. నా క్రికెట్టు నాలుగున్నర మెగాబిట్ల చొప్పున వచ్చింది, అంటే గంటకు రెండు జీబీ. టీ20లో పద్నాలుగు ఓవర్లు పూర్తయ్యేది సుమారు గంటకే.

ఇంత ఎందుకు తాగుతోందో యూట్యూబ్‌లో వీడియో సాంకేతిక వివరాలు చూపే Stats for nerds తెరిచి చూస్తే తెలిసింది. నా టీవీ తెర 1366×768 మాత్రమే, వస్తున్న వీడియో 1080p. తెర చూపించలేని చుక్కలకు కూడా నేను డబ్బు కట్టాను. వీడియో నాణ్యతను ఆటోలో ఉంచితే నెట్ ఎంత ఇస్తే టీవీ అంత తీసుకుంటుంది. అటువైపు ఉన్నది రోజు కోటా ఉన్న ఫోనని దానికి తెలియదు. 480p పెట్టాక గంటకు అర జీబీ దగ్గరికి వచ్చింది. ఎనిమిది అడుగుల దూరం నుంచి మనుషుల ముఖాల్లో తేడా కనిపించలేదు, స్కోరు అంకెల అంచులు మాత్రం కాస్త మసకబారాయి. నా టీవీలో ఒక వీడియోకు పెట్టిన నాణ్యత తర్వాతి వీడియోకు నిలవదు, అందుకని ఆటోప్లే ఆపేశాను.

నెట్‌ఫ్లిక్స్‌లో ఇంత శ్రమ లేదు. బ్రౌజరులో ఖాతా తెరిచి, ప్రొఫైల్‌లో Playback settings కింద Medium ఎంచుకుంటే గంటకు 0.7 జీబీ మించదు. High అయితే హెచ్‌డీకే గంటకు 3 జీబీ వరకు పోతుంది. రెండు గంటల నలభై నిమిషాల సినిమాకు మొదటి పద్ధతిలో 1.9 జీబీ, రెండో పద్ధతిలో 8. మొదటిది ఒక రోజు కోటాలో బొటాబొటిగా సరిపోయింది. టీవీకి విడిగా ఒక ప్రొఫైల్ పెట్టుకోవడం మంచిది, మార్పు దానికే వర్తిస్తుంది.

చాలామంది పొరబడేది ఒకటుంది. ఫోనులోని వీడియో యాప్‌లో డేటా సేవర్ పెట్టి, వీడియోను టీవీకి క్యాస్ట్ చేస్తే పొదుపు అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. క్యాస్ట్ చేసినప్పుడు ఫోను రిమోట్ పని మాత్రమే చేస్తుంది. వీడియోను టీవీ నేరుగా తెచ్చుకుంటుంది, తన నాణ్యతతోనే. ఫోనులో పెట్టిన పొదుపు అక్కడ పనిచేయదు.

నా ఫోనులో రెండు సిమ్‌లు ఉన్నాయి, డేటా బెంగళూరు నంబరుది. అమ్మ గుంటూరు నుంచి పాత నంబరుకు ఫోను చేస్తే ఆ సంభాషణ అయ్యేదాకా డేటా ఆగిపోతుంది, టీవీ కూడా. ఫోను వేడెక్కుతుంది, ఛార్జింగ్‌లో పెట్టి వాడితే ఇంకా ఎక్కువ. టీవీ స్టాండ్‌బైలో ఉన్నా నెట్‌ను వదలదు, కాబట్టి ఎవరూ వాడకపోతే హాట్‌స్పాట్ ఆపే సెట్టింగ్ నాకు పనికిరాలేదు. పడుకునే ముందు నేనే ఆపుతాను.

ఇప్పుడు అదనపు ప్యాక్‌లు నెలకు మూడుకు మించడం లేదు. ఒక్కడినే, రోజుకు రెండు గంటలే చూస్తాను కాబట్టి ఈ ఏర్పాటు నాకు సరిపోయింది. వచ్చే నెల అమ్మ వచ్చి రెండు నెలలు ఉంటుంది. పగలు నా ఫోను నాతోపాటు ఆఫీసుకు వెళ్తుంది, దాంతోపాటే టీవీకి నెట్ కూడా. పెయింటు ఖర్చు నేనే భరిస్తానని నిన్న యజమానితో చెప్పాను. ఆలోచిస్తానన్నారు.