తెలుగు పాఠానికి సినిమా పాటా, చందమామ పాటా?

ఒడిశాలోని గుణుపురంలో ఆదివారాలు మా వరండాలో పదకొండు మంది పిల్లలకు తెలుగు చెబుతాను. బడిలో వాళ్లు చదివేది ఒడియా. ఇద్దరు ఇంట్లో కూడా ఒడియానే మాట్లాడతారు.

మొదట్లో కొత్త సినిమా పాటలు పెట్టాను. పిల్లలు హుషారుగా పాడారు. పాడినదే రాయమంటే మాట ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో తెలియక అంతా ఒకే ముక్కగా రాశారు. పైగా పల్లవిలో క్రియే లేకపోతే నేనేం ప్రశ్న అడగాలి? ట్యూన్ కోసం మాటల వరుస మారిపోతే వాక్యం ఎలా కట్టాలో అందులోంచి చూపించలేం.

అందుకే ‘చందమామ రావే, జాబిల్లి రావే, కొండెక్కి రావే, గోగుపూలు తేవే’ తీసుకున్నాను. నాలుగు ముక్కలూ క్రియతోనే ముగుస్తాయి. అన్నీ రెండు మాటలవే, రా, తే. వచ్చు, తెచ్చు అనే ఈ క్రియలు పిలిచేటప్పుడూ కాదనేటప్పుడూ రూపం మారుతాయి. బోర్డు మీద ‘రావే’ చెరిపేసి, చందమామ బదులు తమ్ముణ్ణి పిలవమన్నాను. ‘తమ్ముడూ రారా’ వెంటనే వచ్చింది. తాతయ్యను పిలవమంటే కాసేపు ఆగి ‘రండి’ అన్నారు. తర్వాత, చందమామ రాకపోతే ఏమంటారని అడిగాను. ఒక ఒడియా పిల్ల ‘వచ్చలేదు’ అని రాసింది. ఆ తప్పు కోసమే ఆ ప్రశ్న! పాటలోని ‘రా’ కింద గీత గీసి పక్కన ‘రాలేదు’ రాశాను. ‘తేలేదు’ తనే రాసుకుంది.

‘కొండెక్కి’ని విడదీయమంటే కొండ, ఎక్కి అని ఇద్దరు చెప్పారు. సంధి పేరు చెప్పలేదు, ఇప్పుడే ఎందుకు? గోగుపూలు ఎవరికీ తెలియలేదు. గోంగూర మొక్కకు పూసేవే అంటే అందరికీ అర్థమైంది.

ఈ పాట పనికిరాని చోటు కూడా ఉంది. ఒడియాలో అబ్బాయి వచ్చినా అమ్మాయి వచ్చినా ‘ఆసిలా’ ఒకటే, క్రియలో ఆడ మగ తేడా ఉండదు. అందుకే ఆ ఇద్దరూ ‘అక్క వచ్చాడు’ అంటారు. దాన్ని దిద్దడానికి చందమామను తెస్తే చిక్కే. మామ అయితే ‘వచ్చాడు’ అనాలి కదా, ‘రావే’ అని ఆడపిల్లను పిలిచినట్టు ఎందుకు పిలుస్తున్నామని ఒకడు నిలదీశాడు. చనువుతో పిలిచిన పిలుపు అన్నాను గానీ వాడు ఒప్పుకోలేదు. ఆ పాఠానికి సొంతంగా అల్లిన వరసే మేలు:

అన్న వచ్చాడు, అక్క వచ్చింది,
బస్సు వచ్చింది, బడి తెరుచుకుంది.

ఇందులో అక్కకీ బస్సుకీ ఒకే ‘వచ్చింది’ రావడం చూసి పిల్లలు పగలబడి నవ్వారు. కానీ ఇలాంటివి వారానికే మరిచిపోతారు, చందమామ పాటలా నోట నిలవవు. మళ్లీ మళ్లీ పాడించాలి.

సినిమా పాటను పూర్తిగా మానలేదు. క్రియల పాఠం అయ్యాక, ఒక చరణంలో తెలిసిన మాటలు వినపడగానే చెయ్యెత్తమంటాను. అంతకుమించి దాన్నుంచి వ్యాకరణం అడగను.